డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు: ముందు ఎక్కడ చూడాలి?

ప్రశ్న: అక్కా, శుక్రవారం 11 గంటలకి స్లీపర్ తత్కాల్‌లో అమ్మ, నాన్న, మా అక్క, వాళ్ళ బాబు నలుగురికి టికెట్ చేద్దామని కూర్చున్నా. పేర్లు టైప్ చేసేసరికే టైం అయిపోయింది. యూపీఐలో డబ్బులు కట్ అయ్యాయి, యాప్‌లో ఎర్రర్ వచ్చింది. వెంటనే మళ్ళీ కట్టా, మళ్ళీ అదే. కంగారులో మూడోసారి ఫ్రెండ్ డెబిట్ కార్డుతో కడితే టికెట్ వచ్చింది కానీ వెయిటింగ్ లిస్ట్. రెండు పేమెంట్లు గాల్లో ఉన్నాయి, ఆ డబ్బులు వస్తాయా? ఇంకోసారి ఇలా కాకుండా ఏం చేయాలి? బస్సు యాప్‌లో కూడా ఒకసారి ఇలాగే అయ్యింది.

జవాబు:

తమ్ముడూ, డబ్బులు వస్తాయి, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. అయితే ఎవరి దగ్గర నుంచి వస్తాయి, ఎప్పుడు వస్తాయి అనేది నీ రెండు పేమెంట్లకీ ఒకేలా ఉండకపోవచ్చు, అది తేలాలంటే నువ్వు రెండు మూడు చోట్ల చూడాలి. ఎక్కడ చూడాలో చెప్పేముందు అసలు ఆ రెండు నిమిషాల్లో లోపల ఏం జరుగుతుందో చెప్తా, అది తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమైపోతుంది.

ట్రైన్ టికెట్లో చాలామందికి తెలియని విషయం ఏంటంటే, నువ్వు పేర్లు ఎంటర్ చేసి పేమెంట్ పేజీకి వెళ్ళినంత మాత్రాన బెర్తులు నీ కోసం ఎవరూ పట్టి ఉంచరు. స్క్రీన్ మీద అవైలబుల్ 40 అని చూపిస్తుంది, అది ఆ క్షణంలో ఉన్న లెక్క అంతే. నువ్వు పిన్ కొట్టి, మీ బ్యాంకు సరే అని, ఆ కబురు ఐఆర్‌సీటీసీకి చేరాక, అప్పుడు రైల్వే రిజర్వేషన్ సిస్టంని బెర్తు అడుగుతారు. ఆ టైంకి ఉంటే కన్‌ఫర్మ్, అయిపోతే వెయిటింగ్. అంటే డబ్బు ముందు, బెర్తు తర్వాత. మామూలు రోజుల్లో ఇది తెలియను కూడా తెలియదు, ఎందుకంటే ఆ గ్యాప్‌లో బెర్తులేం అయిపోవు, తత్కాల్‌లో మాత్రం ఆ గ్యాప్‌లోనే అంతా జరిగిపోతుంది. అందుకే మూడో ప్రయత్నంలో నీకు పేమెంట్ సక్రమంగా వెళ్ళినా వెయిటింగ్ వచ్చింది, అందులో కార్డు తప్పేం లేదు, అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇప్పుడు డబ్బు సంగతి. నీ అకౌంట్లో కట్ అయ్యిందనుకున్న డబ్బు నాలుగు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. ఒకటి, అసలు కట్ అవ్వలేదు, యూపీఐ యాప్‌లో ఫెయిల్డ్ అని ఉంటుంది, బ్యాంకు బ్యాలెన్స్ తగ్గదు. రెండు, మీ బ్యాంకు నుంచి బయల్దేరింది కానీ అవతలి వైపు చేరినట్టు కబురు అందలేదు, దీన్నే పెండింగ్ అంటాం. మూడు, ఐఆర్‌సీటీసీకి చేరింది కానీ టికెట్ అవ్వలేదు, లేటుగా చేరడం వల్లో ఇంకో కారణం వల్లో. నాలుగు, చేరింది, టికెట్ కూడా అయ్యింది, నీ ఫోన్‌లో పేజీ మాత్రం లోడ్ అవ్వక ఎర్రర్ చూపించింది. ఈ నాలుగోది జరుగుతుందని చాలామందికి తోచదు, తోచక మళ్ళీ కడతారు, తీరా సాయంత్రానికి చూస్తే అవే పేర్లతో రెండు టికెట్లు ఉంటాయి. తత్కాల్‌లో ఇది ఎంత నష్టమో చూడు, కన్‌ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ నీ అంతట నువ్వు క్యాన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదు. అందుకే పేమెంట్ ఫెయిల్ అయితే పోయే డబ్బు కంటే, ఫెయిల్ అయ్యిందనుకుని తొందరపడి చేసే రెండో బుకింగ్‌లో పోయే డబ్బే ఎక్కువ.

కాబట్టి ఎర్రర్ వచ్చిన వెంటనే చూడాల్సింది బ్యాంకు మెసేజ్ కాదు, ఐఆర్‌సీటీసీలో నీ బుకింగ్స్ పేజీ. సైట్‌లో అయితే My Account కింద My Transactions అని ఉంటుంది, అందులో Booked Ticket History తెరువు. యాప్‌లో My Bookings. నీ ట్రైన్, నీ తేదీతో 10 అంకెల పీఎన్ఆర్ కనిపిస్తే టికెట్ అయిపోయినట్టే, ఇంకేం ముట్టుకోకు. కనిపించకపోతే అప్పుడు యూపీఐ యాప్‌లోకి వెళ్ళి ఆ పేమెంట్ స్టేటస్ చూడు. ఈ వరుస తిరగేసి చాలామంది ముందు ఎస్ఎంఎస్ కోసం చూస్తారు, ఎస్ఎంఎస్ ఒక్కోసారి పది నిమిషాలు లేటుగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు, దాన్ని నమ్ముకుని ఏ నిర్ణయం తీసుకోకూడదు. డబ్బు కట్ అయ్యిందో లేదో తెలియాలంటే బ్యాంకు యాప్‌లో మినీ స్టేట్‌మెంట్ చూడు, అదే ఖచ్చితం.

యూపీఐలో పెండింగ్ అని ఉంటే అక్కడ రిఫ్రెష్ బటన్‌ని అదేపనిగా నొక్కకు. 2025 ఆగస్టు నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దీనికి లిమిట్ పెట్టింది, పెండింగ్‌లో ఉన్న ఒక పేమెంట్ స్టేటస్‌ని మూడుసార్లే చూడగలం, ఒక్కోసారికీ మధ్య కనీసం 90 సెకన్లు ఉండాలి. అందరూ పొద్దున్నే ఒకేసారి నొక్కుతుంటే బ్యాంకుల సర్వర్లు ఇంకా మొరాయిస్తున్నాయని పెట్టారు అది. కాబట్టి ఒకసారి చూసి ఫోన్ కింద పెట్టి ఒకటిన్నర నిమిషం ఆగి మళ్ళీ చూడు.

ఇక్కడ నువ్వు అడుగుతావు, తత్కాల్‌లో 90 సెకన్లు ఆగితే బెర్తులు ఉంటాయా అక్కా అని. నిజమే, ఉండకపోవచ్చు. అందుకే నేను చెప్పేది ఇది. బుకింగ్స్ పేజీలో పీఎన్ఆర్ లేదు, యూపీఐలో ఫెయిల్డ్ అని స్పష్టంగా ఉంది, బ్యాంకు బ్యాలెన్స్ కూడా తగ్గలేదు అంటే ఒక్క సెకను కూడా ఆగకు, మళ్ళీ కట్టు, నీ డబ్బు ఎక్కడికీ వెళ్ళలేదు. పీఎన్ఆర్ లేదు, యూపీఐలో సక్సెస్ లేదా పెండింగ్ అని ఉంది అంటే, రెండోసారి కట్టాలా వద్దా అనేది నీ చేతిలో ఎంత డబ్బుందనే దాన్ని బట్టి. మొదటి మొత్తం కొన్ని రోజులు ఇరుక్కుపోయినా పర్లేదు అనుకుంటే, కట్టేముందు మళ్ళీ ఒకసారి ఆ బుకింగ్స్ పేజీ చూసి ఇంకో దారిలో కట్టు. అదే బ్యాంకు, అదే యూపీఐ తో మళ్ళీ కట్టకు. మొదటిసారి ఏ కారణంగా ఇరుక్కుందో రెండోసారీ దాదాపు అదే కారణంగా ఇరుక్కుంటుంది, నీకు జరిగింది అదే కదా. ఇంకో బ్యాంకు అకౌంట్ లింక్ అయ్యుంటే అది, లేదా కార్డు, లేదా ఐఆర్‌సీటీసీ ఈవాలెట్. ఒకే బ్యాంకుని రెండు వేరే యూపీఐ యాప్‌లలో వాడితే మాత్రం దారి మారినట్టు కాదు, ఆగిపోయింది బ్యాంకు దగ్గరైతే యాప్ మార్చి లాభం లేదు.

సరే, నీ రెండు పేమెంట్లకి వద్దాం. రెండూ ఒకే రోజు, దాదాపు ఒకే టైం, ఒకే మొత్తం, అందుకే రిఫండ్ ఒకటి వచ్చినప్పుడు ఏది వచ్చిందో ఏది రాలేదో తెలియక గందరగోళం అవుతుంది. ఇవాళే ఒక పని చెయ్యి. యూపీఐ యాప్‌లో ఆ రెండు లావాదేవీలు తెరిచి ఒక్కోదాని 12 అంకెల యూటీఆర్ నంబర్, టైం రాసి పెట్టుకో, స్క్రీన్‌షాట్ కూడా తీసుకో. మూడోది ఫ్రెండ్ కార్డు కదా, దాన్ని గుర్తుపట్టడం తేలిక, స్లీపర్ టికెట్‌కి యూపీఐతో కడితే కన్వీనియన్స్ ఫీజు 10 రూపాయలు, కార్డుతో అయితే 15, దాని మీద జీఎస్టీ, కాబట్టి మొత్తాల్లోనే అయిదారు రూపాయల తేడా కనిపిస్తుంది.

తర్వాత సైట్‌లో లాగిన్ అయ్యి అదే My Transactions కింద Failed Transaction History చూడు. నీ మొదటి, రెండో ప్రయత్నాలు అక్కడ ట్రాన్సాక్షన్ ఐడీతో ఉండాలి. యూపీఐలో సక్సెస్ అని ఉండి ఇక్కడ ఫెయిల్డ్‌లో కనిపించిందంటే డబ్బు ఐఆర్‌సీటీసీ వరకు వెళ్ళింది, నేను చెప్పిన మూడో రకం. దీనికి నువ్వు క్యాన్సిల్ చేయక్కర్లేదు, రిఫండ్ కోసం రైల్వేకి పెట్టే టీడీఆర్ అనే అర్జీ వేయక్కర్లేదు, టికెట్టే లేదు కాబట్టి క్యాన్సిలేషన్ చార్జీ అనే మాటే రాదు, డబ్బు ఏ అకౌంట్ నుంచి వెళ్ళిందో ఆ అకౌంట్‌కే దానంతట అదే తిరిగొస్తుంది. మామూలుగా కొన్ని పని దినాలు పడుతుంది, మధ్యలో శనాదివారాలు, బ్యాంకు సెలవులు వస్తే ఇంకాస్త. పంపారో లేదో Refund History లో కనిపిస్తుంది. అక్కడ పంపినట్టు ఉండి నీ అకౌంట్లో పడకపోతే ఇక అడగాల్సింది మీ బ్యాంకుని, ఐఆర్‌సీటీసీని కాదు.

యూపీఐలో పెండింగ్ అనో, కట్ అయ్యి తర్వాత ఫెయిల్డ్ అనో ఉంటే అది రెండో రకం, డబ్బు బ్యాంకుల మధ్య ఉంది. దీనికి రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో పెట్టిన రూల్ ఉంది, చాలామంది వాడుకోరు కానీ మంచి రూల్. వ్యాపారికి కట్టిన యూపీఐ పేమెంట్‌లో మన అకౌంట్ నుంచి కట్ అయ్యి అవతలి వాళ్ళకి కన్‌ఫర్మేషన్ అందకపోతే, కట్ అయిన రోజు తర్వాత 5 రోజుల్లోపు దానంతట అది వెనక్కి పడాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున కస్టమర్‌కి ఇవ్వాలి, అది కూడా మనం అడగకుండానే. ఇవి క్యాలెండర్ రోజులు, ఆదివారాలు కూడా లెక్కే. నువ్వు శుక్రవారం కట్టావు కాబట్టి ఆ రోజు సున్నా, శనివారం ఒకటి, ఆదివారం రెండు, అలా బుధవారంతో ఐదు పూర్తి. గురువారం కూడా రాలేదంటే ఆ రోజు నుంచి వంద లెక్క మొదలు. కార్డుతో ఆన్‌లైన్లో కట్టినప్పుడు ఇలా ఇరుక్కున్నా ఇదే గడువు, ఇదే వంద. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో, ఈ రూల్ మధ్యలో ఇరుక్కున్న డబ్బుకి. ఐఆర్‌సీటీసీకి చేరాక వాళ్ళు తిరిగి పంపే రిఫండ్‌కి ఈ వంద రూపాయల లెక్క చెప్పి బ్యాంకు వాళ్ళతో గొడవ పెట్టుకుంటే వాళ్ళు వినరు, అందుకే ముందు ఏ రకమో తేల్చుకోమన్నా.

గురువారం దాటినా రాకపోతే యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే కిందే కంప్లయింట్ ఇచ్చే ఆప్షన్ ఉంటుంది, అక్కడ నొక్కు, డబ్బు కట్ అయ్యింది వ్యాపారికి చేరలేదు అనే కారణం ఎంచుకో. దానికొచ్చే కంప్లయింట్ నంబర్ రాసుకో. దానితో పాటు మీ బ్యాంకుకి కూడా ఒక మెయిల్ పెట్టు, కథంతా రాయక్కర్లేదు, తేదీ, టైం, మొత్తం, యూటీఆర్, అంతే. 30 రోజుల్లో బ్యాంకు సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఉచితంగా కంప్లయింట్ ఇవ్వొచ్చు. అంతవరకు రావడం చాలా అరుదు, మామూలుగా రెండు మూడు రోజుల్లో రివర్సల్ అనే పేరుతో చప్పుడు లేకుండా పడిపోతుంది, జనం అది చూసుకోక ఇంకా రాలేదని తిరుగుతుంటారు.

ఇంకోటి, ఇది మాత్రం కాస్త గట్టిగానే చెప్తా. రిఫండ్ కోసం గూగుల్లో కస్టమర్ కేర్ నంబర్ వెతక్కు. డబ్బు ఇరుక్కున్న మనిషి ఏ నంబర్ కనపడితే దానికి ఫోన్ చేస్తాడని మోసగాళ్ళకి బాగా తెలుసు. సోషల్ మీడియాలో పీఎన్ఆర్‌తో, ఫోన్ నంబర్‌తో కంప్లయింట్ పోస్ట్ పెట్టినా అరగంటలో రిఫండ్ టీం నుంచి అంటూ ఎవరో ఫోన్ చేస్తారు. ఐఆర్‌సీటీసీ కేర్ నంబర్ 14646, రైల్వే ఎంక్వైరీ 139, ఈ రెండే వాడు. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు, పిన్ అడిగారంటే డబ్బు పోయేదే. స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టెయ్. ఖర్మ కాలి ఎవరైనా అప్పటికే చెప్పేసి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు నీ అసలు సమస్య, పేర్లు టైప్ చేసేసరికి టైం అయిపోవడం. పేమెంట్ దగ్గర నీకు ఓపిక లేకపోవడానికి కారణం అక్కడే ఉంది, నలుగురి పేర్లు, వయసులు కొట్టడానికి రెండు మూడు నిమిషాలు పోతే ఇక ఎర్రర్ వచ్చినప్పుడు ఆగి చూసే టైం ఎక్కడిది. ఐఆర్‌సీటీసీలో మాస్టర్ లిస్ట్ అని ఉంది, My Account లో My Master List దగ్గర ముందే వాళ్ళ వివరాలు ఎంటర్ చేసి పెట్టుకోవచ్చు, పేరు, పుట్టిన తేదీ, ఆడ మగ, ఏ బెర్తు కావాలి, ఐడీ కార్డు ఏంటి. బుకింగ్ అప్పుడు ప్యాసెంజర్ పేజీలో సేవ్ చేసిన పేర్ల లిస్ట్ తెరిచి టిక్ పెట్టడమే, నలుగురికీ పది సెకన్లు కూడా పట్టదు. తత్కాల్‌లో ఒక పీఎన్ఆర్‌కి నలుగురే, మామూలు బుకింగ్‌లో ఆరుగురు, కాబట్టి మీ నలుగురూ ఒకే టికెట్లో సరిపోతారు.

ఈ లిస్ట్ ఒకసారి చేసి మర్చిపోతే మాత్రం అదే ఇబ్బంది పెడుతుంది. పేరు ఇంట్లో పిలిచేది కాకుండా ఐడీ కార్డు మీద ఎలా ఉందో అలానే పెట్టు, ఎందుకంటే పేరు తప్పుపడితే యాప్‌లో సరిదిద్దే అవకాశం ఉండదు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నదే కొట్టు, మామూలు కోటాలో లోయర్ బెర్తు ఇవ్వడానికి 60 దాటిన మగవాళ్ళని, 45 దాటిన ఆడవాళ్ళని వయసుని బట్టే చూస్తారు. మీ అక్క కొడుకు విషయంలో ఇంకా జాగ్రత్త. 5 ఏళ్ళ లోపు పిల్లలకి బెర్తు అక్కర్లేకపోతే టికెట్ అవసరం లేదు. 5 నిండి 12 లోపు ఉంటే బెర్తు కావాలా వద్దా అని అడుగుతుంది, వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. హడావిడిలో అది చూసుకోకపోతే వాడికి బెర్తు లేకుండా టికెట్ అయిపోతుంది, రాత్రంతా వాడు మీ అక్క బెర్తు మీదే. ఇంకా ప్యాసెంజర్ పేజీలో మొబైల్ నంబర్ గడి, అందులో నీ నంబర్ ఉండిపోతే టికెట్ మెసేజ్, ట్రైన్ క్యాన్సిల్ అయితే వచ్చే మెసేజ్ అన్నీ నీకే వస్తాయి, ప్రయాణం చేసేది వాళ్ళు. నాన్న నంబర్ పెట్టు, ఆయన ఫోన్ చూసుకోరు అంటావా, అయితే అక్క నంబర్.

ఇంకో పెద్ద అడ్డంకి ఓటీపీ. 2025 జులై నుంచి తత్కాల్ టికెట్ ఆధార్‌తో వెరిఫై అయిన అకౌంట్ నుంచే అవుతుంది, బుకింగ్ మధ్యలో ఆధార్‌కి లింక్ అయిన మొబైల్‌కి ఓటీపీ వస్తుంది. అకౌంట్ నాన్న పేరు మీద ఉండి, ఆధార్‌లో ఉన్న సిమ్ ఊళ్ళో ఆయన దగ్గరుండి, నువ్వు ఇక్కడ కూర్చుని బుక్ చేస్తుంటే ఆయన ఫోన్ ఎత్తి ఓటీపీ చదివి చెప్పేసరికి బెర్తులు ఉండవు. నీ పేరు మీద, నీ ఆధార్‌తో, నీ చేతిలో ఉన్న సిమ్‌తో అకౌంట్ ఉండాలి, అందులో వాళ్ళ పేర్లు మాస్టర్ లిస్ట్‌లో ఉండాలి, అంతే. నువ్వు ఆ టికెట్లో ప్రయాణం చేయకపోయినా పర్లేదు.

స్లీపర్ తత్కాల్ 11కి, ఏసీ 10కి, ట్రైన్ బయల్దేరే స్టేషన్‌లో బయల్దేరే రోజుకి ఒక రోజు ముందు. ఒక అయిదు నిమిషాల ముందు లాగిన్ అవ్వు, మరీ ముందు అయితే ఖాళీగా ఉన్నందుకు లాగౌట్ చేసేస్తుంది. రెండు ఫోన్లలో ఒకే అకౌంట్ తెరవకు, ఒకదాన్లో లాగిన్ అయితే ఇంకోదాన్లో పోతుంది, ఇంట్లో ఒకరికి సాయం చేద్దామని ఇంకొకరు చేసే పని ఇది, ఇద్దరివీ పాడవుతాయి. యూపీఐ పిన్ కొట్టాక ఆ యాప్‌లో టిక్ పడింది కదా అని దాన్ని కట్టేసి ఫోన్ పక్కన పెట్టకు, మళ్ళీ ఐఆర్‌సీటీసీ యాప్‌కి వచ్చి అది పీఎన్ఆర్ చూపించేదాకా కదలకు, బ్యాక్ నొక్కకు. కొత్త ఫోన్ కొని అదే రోజు యూపీఐ సెట్ చేసుంటే మొదటి 24 గంటలు లిమిట్ తక్కువ ఉంటుంది, నలుగురి టికెట్‌కి అది సరిపోక ఫెయిల్ అవుతుంది, అలాంటప్పుడు వేరే దారి రెడీ పెట్టుకో.

ఈవాలెట్ గురించి నా అభిప్రాయం అడిగితే, ఏడాదికి ఒకసారి ఊరెళ్ళే వాళ్ళకి అక్కర్లేదు, నీలాగా ఇంట్లో అందరికీ నువ్వే టికెట్లు తీసేవాడివైతే పెట్టుకో. డబ్బు ముందే అందులో ఉంటుంది కాబట్టి మధ్యలో బ్యాంకు సర్వర్ రాదు, టికెట్ అవ్వకపోతే డబ్బు తిరిగి వాలెట్‌లోకే వస్తుంది కాబట్టి ఇంకో ప్రయత్నానికి చేతిలో ఉంటుంది. తత్కాల్‌లో దాని ఉపయోగం అంతా అక్కడే.

పేమెంట్ ముందు ఒక చిన్న గడి ఉంటుంది, Book only if confirm berths are allotted అని. దానికి టిక్ పెడితే, డబ్బు చేరే టైంకి బెర్తులు అయిపోతే వెయిటింగ్ టికెట్ ఇవ్వకుండా బుకింగ్ ఆపేసి డబ్బు వెనక్కి పంపేస్తుంది. చూడ్డానికి అది కూడా డబ్బు కట్ అయ్యి టికెట్ రానట్టే ఉంటుంది, నిజానికి నువ్వు పెట్టిన షరతు పని చేసిందన్నమాట. నీ మూడో ప్రయత్నంలో ఆ టిక్ ఉండుంటే ఇవాళ ఫ్రెండ్ కార్డు డబ్బు వెయిటింగ్ టికెట్లో ఇరుక్కునేది కాదు. తత్కాల్‌లో పెట్టడమే మంచిదని నేనంటా, తత్కాల్ వెయిటింగ్ కన్‌ఫర్మ్ అయ్యే అవకాశం తక్కువ, దాన్ని పట్టుకుని ఆశగా కూర్చునే కన్నా బస్సు చూసుకోవడం నయం.

బస్సు అన్నావు కాబట్టి చెప్తున్నా, అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. బస్సులో నువ్వు సీటు నంబర్ ఎంచుకుని పేమెంట్‌కి వెళ్ళగానే ఆ సీటుని కొన్ని నిమిషాలు నీ పేరు మీద లాక్ చేస్తారు, ఆర్టీసీ అయినా ప్రైవేటు అయినా. పేమెంట్ ఫెయిల్ అయ్యి వెనక్కి వచ్చి చూస్తే అదే సీటు వేరే రంగులో, బుక్ అయిపోయినట్టు కనిపిస్తుంది. అయ్యో ఎవరో తన్నుకుపోయారు అనుకుని వేరే సీటుకి కట్టేస్తాం, నిజానికి దాన్ని పట్టుకున్నది మనమే, మన పాత ప్రయత్నమే. ఆ లాక్ టైం అయిపోగానే, డబ్బు రాలేదని తేలితే అది మళ్ళీ ఖాళీగా కనిపిస్తుంది. అందుకే బస్సులో ఒక పావుగంట ఆగినా పెద్ద నష్టం లేదు, ఆ లోపు మై బుకింగ్స్‌లో టికెట్ వచ్చిందేమో, మెసేజ్ వచ్చిందేమో చూసుకోవచ్చు. సేవ్ చేసిన వివరాల్లో బస్సుకి ముఖ్యం ఆడ మగ అనేది, ఆడవాళ్ళ పక్క సీటు కొన్ని బస్సుల్లో ఆడవాళ్ళకే ఇస్తారు, అమ్మ పేరు దగ్గర పొరపాటున మగ అని ఉంటే అది కుదరదు, ఎందుకు కుదరట్లేదో కూడా సరిగ్గా చెప్పదు, పేమెంట్ సమస్య అనుకుంటాం.

ఇక ఆ వెయిటింగ్ టికెట్. అది ఆన్‌లైన్ టికెట్ కాబట్టి చార్ట్ తయారయ్యాక కూడా నలుగురికీ వెయిటింగే ఉంటే దానంతట అదే క్యాన్సిల్ అవుతుంది, నువ్వేం చేయక్కర్లేదు, కానీ దానితో ట్రైన్ ఎక్కకూడదు, ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క. కొంతమందికి కన్‌ఫర్మ్ అయ్యి కొంతమందికి కాకపోతే మాత్రం అది దానంతట క్యాన్సిల్ అవ్వదు, వెళ్ళాలా వద్దా అని మీరు ట్రైన్ బయల్దేరే టైంకి కనీసం అరగంట ముందే తేల్చుకోవాలి, వెళ్ళకపోతే యాప్‌లో చెప్పాలి. అలా దానంతట అది క్యాన్సిల్ అయితే చార్జీలు పోను మిగతా డబ్బు నీకు రాదు, మీ ఫ్రెండ్ డెబిట్ కార్డు ఉన్న అకౌంట్లో పడుతుంది, కాబట్టి అతనికి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచు, ఎప్పుడు పడిందో చూసి చెప్పమను.